పోయిన చెక్కుకు స్టాప్ పేమెంట్: బ్యాంకుకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

చెక్కు పోయిందని తెలియగానే ఎవరైనా ముందు వెతుకుతారు. జేబులు, బ్యాగు, బండి డిక్కీ, దిగిన ఆటో స్టాండు. వెతకడంలో తప్పేం లేదు, కానీ ఒకరు వెతుకుతుంటే ఇంకొకరు చెక్కుబుక్కు తీసి కూర్చోవాలి. ఇదివరకు ఈరోజు ఎవరో వేసిన చెక్కు రేపటికి గానీ తేలేది కాదు. 2025 అక్టోబర్ 4 నుంచి ఆ పద్ధతి మారింది. ఇప్పుడు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా బ్యాంకుల్లో పడిన చెక్కుల స్కాన్ బొమ్మలు ఎప్పటికప్పుడు క్లియరింగ్‌కి వెళ్లిపోతాయి. డబ్బు ఇవ్వాల్సిన బ్యాంకు అదే సాయంత్రం ఏడింటిలోపు ఇస్తామో ఇవ్వమో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ఇచ్చేసినట్టే లెక్క. అంటే పొద్దున పోయిన చెక్కు సాయంత్రానికల్లా మీ ఖాతా నుంచి డబ్బు పట్టుకుపోయే వీలుంది. ఆలోపే ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని మీ బ్యాంకుకు చెప్పడమే స్టాప్ పేమెంట్.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్. బోరు మోటారు కాలిపోయింది. కొత్త మోటారుకి రాణిగంజ్‌లోని పంపుల షాపు పేరిట 64,500 రూపాయలకి చెక్కు రాశారు. ఖాతా సంఘం పేరు మీద ఉంది. ప్రెసిడెంటు, కోశాధికారి ఇద్దరూ సంతకం పెడితేనే చెక్కు చెల్లుతుంది. కమిటీ సభ్యుడొకాయన దాన్ని ఫైల్లో పెట్టుకుని మెట్రో ఎక్కారు. అమీర్‌పేటలో రైలు మారారు, దిగి ఆటో పట్టుకున్నారు. షాపు ముందు ఫైలు తెరిస్తే కొటేషన్ కాగితం ఉంది, చెక్కు లేదు. టైము పదకొండున్నర.

ముందు నంబరు తేల్చుకోండి

బ్యాంకుకు కావాల్సిన వివరాలన్నింటిలో రెండే ప్రాణం: ఖాతా నంబరు, చెక్కు నంబరు. చెక్కు మీద ఎవరి పేరు రాశారు, ఎంత రాశారు, ఎప్పటి తేదీ వేశారు అనేవి కూడా అడుగుతారు, ఇవ్వాలి కూడా. కానీ బ్యాంకు సిస్టమ్ చెక్కును ఆపేది ఈ రెండు నంబర్లు పట్టుకునే. క్లియరింగ్‌లో ఆ నంబరు గల చెక్కు వచ్చినప్పుడు స్టాప్ గుర్తు అడ్డం పడుతుంది. నంబరులో ఒక్క అంకె తేడా వచ్చినా పోయిన చెక్కు హాయిగా పాసవుతుంది. మీరు మెయింటెనెన్స్ బిల్లుకో, స్కూలు ఫీజుకో ఇచ్చిన ఇంకో మంచి చెక్కు వెనక్కి వస్తుంది. నష్టం రెండు వైపులా.

చెక్కు నంబరంటే ఆరంకెలు. చెక్కు అడుగున తెల్ల పట్టీ మీద అదోలాంటి అక్షరాల్లో వరసగా అంకెలు కనిపిస్తాయి కదా, అందులో ఎడమ చివర మొట్టమొదట ఉన్న ఆరూ అదే. దాని పక్కన తొమ్మిది అంకెలు ఉంటాయి, హైదరాబాద్ బ్రాంచిలకైతే 500తో మొదలవుతాయి. అది బ్రాంచి గుర్తింపు కోడ్. మీ బ్రాంచి వాళ్లు ఎవరికి చెక్కుబుక్కు ఇచ్చినా ఆ తొమ్మిదీ అవే. కంగారులో దాన్నే చెక్కు నంబరని రాసి ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నంబరు ముందు సున్నాలుంటే వాటితో సహా రాయండి.

చెక్కు చేతిలో లేకుండా నంబరు ఎలా తెలుస్తుంది? చెక్కుబుక్కు మొదట్లోనో చివర్లోనో ఉండే రికార్డు పేజీలో రాసుకుని ఉంటే పని అయిపోయినట్టే. చాలామంది రాయరు. అప్పుడు బుక్కులో మిగిలిన మొదటి ఖాళీ చెక్కు నంబరు చూడండి. మన సంఘం బుక్కులో అది 000348 అనుకుందాం. వరసగా చింపుతూ వచ్చి ఉంటే పోయింది 000347. కానీ ఇక్కడే ఆగకూడదు. మధ్యలో ఎవరైనా వెనకనుంచి చింపారా, తప్పు రాసి చించేసిన చెక్కు ఉందా? ఖాతా స్టేట్‌మెంటు తీసి ఇటీవల పాసైన చెక్కుల నంబర్లు పక్కన పెట్టి చూడండి. 345 పాసైంది, 346 రద్దు చేసి బుక్కుకే పిన్ను కొట్టి ఉంది, 347 ఎక్కడా లేదు. ఇప్పుడు గట్టిగా చెప్పొచ్చు, పోయింది 000347.

ఇంకో మంచి ఆధారం, ఫోన్‌లో ఫొటో. చెక్కు ఇచ్చేముందు షాపువాళ్లకి వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు మామూలే. చాట్ వెతకండి. చెక్కు 50,000 దాటితే, పెద్ద చెక్కుల వివరాలు ముందే బ్యాంకుకు చెప్పి ఉంచే పాజిటివ్ పేలో పెట్టి ఉండొచ్చు, అక్కడా నంబరు ఉంటుంది. రెండు మూడు నంబర్ల దగ్గర అనుమానం తెగకపోతే అనుమానమున్న అన్నింటికీ స్టాప్ పెట్టండి. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా అని వరసకి కూడా పెట్టొచ్చు. అయితే ఆ వరసలో మీరు నిజంగా వేరేవాళ్లకి ఇచ్చిన చెక్కు లేదని చూసుకోవాలి.

పాజిటివ్ పే గురించి ఒక అపోహ ఉంది. అందులో వివరాలు పెట్టాం కదా, ఇంక చెక్కు పోయినా భయం లేదనుకుంటారు. కొంతవరకే నిజం. ఎవరైనా పేరో అంకెలో దిద్దితే వివరాలు కలవక బ్యాంకు పట్టుకుంటుంది. దిద్దకుండా ఉన్నదున్నట్టు వేస్తే మాత్రం, ఈ చెక్కు అసలుదే అని మీరే ముందుగా బ్యాంకుకు చెప్పి ఉంచినట్టు అవుతుంది. కాబట్టి పాజిటివ్ పే ఉన్నా స్టాప్ పెట్టాల్సిందే.

చెక్కు ఇప్పటికే పాసైందేమో చూడండి

డబ్బు వెళ్లిపోయిన చెక్కుకు స్టాప్ పేమెంట్ ఉండదు. ఆప్‌లోనో నెట్‌బ్యాంకింగ్‌లోనో చెక్కు స్టేటస్ చూడండి, లేదా ఇటీవలి లావాదేవీలు చూడండి. పాసై ఉంటే దారి వేరు. అది ఏ ఖాతాలో పడిందో అడుగుతూ బ్యాంకుకు ఫిర్యాదు, పోలీసులకు ఫిర్యాదు. పాసవ్వలేదంటే ఆ స్క్రీన్ ఫొటో తీసి ఉంచండి, టైము కనిపించేలా. ఇది ఎందుకో తర్వాత చెప్తాను.

చెక్కు ఎలాంటిదో కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి, ఎంత పరుగెత్తాలో దాన్నిబట్టి తెలుస్తుంది. పైన మూలన రెండు గీతలు గీసి అకౌంట్ పేయీ అని రాసినది అయితే, ఎవరి పేరు రాశారో వాళ్ల ఖాతాలోనే పడాలి. దొరికినవాడు పంపుల షాపు పేరుతో ఖాతా తెరిస్తే తప్ప లాభం లేదు, పేరు చెరిపి రాసే ఘనులుంటే తప్ప. గీతలు లేకుండా, బేరర్ అన్న మాట కొట్టేయకుండా ఇచ్చిన చెక్కు అయితే ప్రమాదం ఎక్కువ, పట్టుకెళ్లి కౌంటర్లో నగదు అడగొచ్చు. అన్నిటికంటే ఘోరం సంతకం పెట్టి మిగతాదంతా ఖాళీగా వదిలిన చెక్కు. దానికి ఇంకో చిక్కు కూడా ఉంది. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలు దాటితే చెక్కు చెల్లదు, తేదీ వేసిన చెక్కుకైతే అదొక ఊరట. ఖాళీ చెక్కు మీద దొరికినవాడు ఏడాది తర్వాత కూడా ఆనాటి తేదీ వేసుకోగలడు. అందుకే ఖాళీ చెక్కుకు పెట్టిన స్టాప్‌కు గడువు ఏమైనా ఉందా అని బ్యాంకును తప్పక అడగండి. ఉంటే ఆ ఖాళీ చెక్కు కోసం గడువు తీరకముందే మళ్లీ పెట్టాలి.

అన్నిటికంటే త్వరగా పడే దారి

వ్యక్తిగత ఖాతా అయితే ఆప్ లేదా నెట్‌బ్యాంకింగ్. చెక్కుబుక్కు సేవల కింద `Stop Cheque` లేదా `Stop Payment` అన్న పేరుతో ఉంటుంది. ఖాతా ఎంచుకుని, నంబరు కొట్టి, కారణం అడిగితే పోయింది అని ఎంచి, ఓటీపీ ఇస్తే అక్కడికక్కడే పడుతుంది. వచ్చిన రిఫరెన్స్ నంబరు దాచుకోండి. రాత్రి అయినా, ఆదివారం అయినా, రెండో శనివారం అయినా పనిచేస్తుంది. ఇదే దీని గొప్ప. ఆప్ లేనివాళ్లు బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయొచ్చు. ఫోన్ నంబరు మాత్రం చెక్కుబుక్కు మీదో, డెబిట్ కార్డు వెనకో ఉన్నదే తీసుకోండి. గూగుల్లో వెతికి దొరికిన నంబరుకి చేస్తే చెక్కు పోయిన టెన్షన్‌లో ఖాతానే పోగొట్టుకోవచ్చు.

మన సంఘానికి ఈ సుఖం లేదు. సంఘాల ఖాతాలకు చాలాసార్లు నెట్‌బ్యాంకింగ్ చూడ్డానికి మాత్రమే ఇస్తారు, ఏదైనా చేయాలంటే బ్రాంచికే వెళ్లాలి. ఇద్దరు సంతకందార్లలో ఒకరు ఊళ్లో లేరు. అయినా ఆగనక్కర్లేదు. డబ్బు తీయడానికి ఇద్దరూ కావాలి గానీ, డబ్బు ఆపమని ఒక్కరు చెప్పినా బ్యాంకులు సాధారణంగా తీసుకుంటాయి. ఆ ఆపును ఎత్తేయాలంటే మాత్రం మళ్లీ ఇద్దరి సంతకాలూ అడుగుతారు. భార్యాభర్తల జాయింటు ఖాతాలోనూ ఇదే పద్ధతి.

కాబట్టి రాణిగంజ్‌లో ఉన్న ఆయన కూకట్‌పల్లికి ఫోన్ చేయాలి. కోశాధికారి గారు బుక్కు చూసి నంబరు తేల్చి, ముందు బ్రాంచికి ఫోన్‌లో చెప్పి, రిజిస్టరైన ఈమెయిల్ నుంచి నాలుగు ముక్కలు రాసి పంపి, వెంటనే లెటరు పట్టుకుని వెళ్లాలి. ఫోన్‌లో చెప్తే కొన్ని బ్రాంచిలు జాగ్రత్తపడతాయి గానీ, కాగితం వచ్చేదాకా దాన్ని స్టాప్ పేమెంట్‌గా లెక్కించకపోవచ్చు. అందుకే ఫోన్ చేసి ఊరుకోకూడదు.

లెటరు ఎలా రాయాలి

చాలా బ్రాంచిల్లో దీనికి ఫారం ఉంటుంది. ఉంటే అదే నింపండి. లేకపోతే తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు, అంకెలు స్పష్టంగా ఉంటే చాలు. మన సంఘం లెటరు ఇలా ఉంటుంది:

తేదీ, సమయం: ....................
బ్రాంచి మేనేజర్ గారికి, .................... బ్యాంకు, కూకట్‌పల్లి, హైదరాబాద్.

విషయం: పోయిన చెక్కుకు చెల్లింపు ఆపమని మనవి.

అయ్యా, మీ బ్రాంచిలో మా సంఘం పేరు మీద ఉన్న కరెంటు/సేవింగ్స్ ఖాతా నంబరు .................... నుంచి ఇచ్చిన ఈ కింది చెక్కు ఈరోజు ఉదయం సుమారు 10.30 నుంచి 11.30 మధ్య ప్రయాణంలో పోయింది.

చెక్కు నంబరు: 000347, ఒకే చెక్కు
చెక్కు మీద తేదీ: ....................
ఎవరి పేరున: .................... పంప్స్, రాణిగంజ్
మొత్తం: 64,500 రూపాయలు
చెక్కు రకం: అకౌంట్ పేయీ క్రాసింగ్ ఉంది, ఇద్దరి సంతకాలు ఉన్నాయి

ఈ చెక్కు ఇప్పటిదాకా చెల్లింపు కాలేదని మా స్టేట్‌మెంటు చూసి తెలుసుకున్నాం. దీనికి వెంటనే స్టాప్ పేమెంట్ నమోదు చేసి, మేము రాతపూర్వకంగా ఎత్తేయమనేదాకా కొనసాగించగలరు. చార్జీలు మా ఖాతాలోనే తీసుకోగలరు. ఈ లెటరు అందిన సమయంతో సహా రసీదు ఇప్పించగలరు.

సంతకం, పేరు, హోదా, రిజిస్టరైన మొబైల్ నంబరు

సంతకం బ్యాంకు రికార్డులో ఉన్నట్టే ఉండాలి. తేడా వస్తే కౌంటర్లో ఉన్నవాళ్లు లెటరు పక్కన పెట్టేస్తారు, తప్పు వాళ్లది కాదు. సంఘం స్టాంపు వాడే ఖాతా అయితే అదీ కొట్టండి. ఖాళీ చెక్కు పోతే పేరు, మొత్తం దగ్గర ఏదో ఊహించి నింపొద్దు, "రాయలేదు, సంతకం మాత్రమే ఉంది" అని నిజం రాయండి. చెక్కు నంబరును అంకెల్లో రాసి, కిందే మరోసారి అక్షరాల్లో "సున్నా సున్నా సున్నా మూడు నాలుగు ఏడు" అని రాయడం పాత బ్యాంకు ఉద్యోగుల అలవాటు. చూడ్డానికి చాదస్తంగా ఉంటుంది గానీ, ఒకటినీ ఏడునీ ఒకేలా రాసేవాళ్లకి అదే రక్ష.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకి, ఇంకోదాని మీద బ్రాంచి స్టాంపు, తేదీ, సమయం, తీసుకున్నవారి సంతకం. సమయం వేయరు, అడిగి వేయించుకోండి. క్లియరింగ్ గంటల్లో నడుస్తున్నప్పుడు తేదీ ఒక్కటే ఉంటే సరిపోదు. మీరు పన్నెండున్నరకి లెటరు ఇస్తే బ్యాంకు మూడింటికి చెక్కు పాస్ చేసిందనుకోండి, ఆ పన్నెండున్నర అన్న అంకే మీ వాదన అంతా. ఇందాక తీసిన స్క్రీన్ ఫొటో దాని పక్కన నిలబడుతుంది.

కౌంటర్ దగ్గర నుంచి కదలకముందు ఇంకొక్కటి. సిస్టమ్‌లో ఎక్కించారా అని అడిగి, మీ మొబైల్‌కి మెసేజ్ వచ్చిందో లేదో చూడండి. లెటరు ట్రేలో ఉండి ఎంట్రీ సాయంత్రం పడటం కొత్తేం కాదు. మెసేజ్‌లో ఉన్న నంబరును బుక్కుతో ఒకసారి పోల్చుకోండి. చార్జీ ఒక్కో బ్యాంకులో ఒక్కో రకం, దాని మీద జీఎస్టీ. ఆన్‌లైన్లో పెడితే తక్కువో, అసలు లేకుండానో ఉండే బ్యాంకులూ ఉన్నాయి. వరసగా చాలా చెక్కులు ఆపితే చెక్కుకింత కాకుండా మొత్తానికి ఇంత అని తీసుకుంటారేమో అడగండి.

పోలీసు కాగితం లేనిదే స్టాప్ పెట్టం అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. మీ ఖాతా, మీ చెక్కు, ఆపమనే హక్కు మీది. అయితే సంతకం పెట్టిన ఖాళీ చెక్కు గానీ, చెక్కుబుక్కు మొత్తం గానీ పోతే స్టేషన్‌లో రాసిచ్చి రసీదు తెచ్చుకోవడం మంచిది. రేపు ఎవడైనా ఆ చెక్కు పట్టుకుని అప్పు ఇచ్చానని కోర్టుకెక్కితే, పోయిందని ఆరోజే చెప్పినట్టు ఉండే కాగితం పనికొస్తుంది.

చెక్కు అందాల్సిన వాళ్లకి చెప్పడం

దీన్ని చాలామంది వదిలేస్తారు. స్టాప్ పెట్టిన చెక్కు బ్యాంకులో పడితే "చెక్కు ఇచ్చినవారు చెల్లింపు ఆపారు" అన్న కారణంతో, 20 అన్న కోడ్‌తో తిరిగి వెళ్తుంది. డబ్బు లేక తిరిగిన చెక్కే కేసవుతుంది, ఆపితే కాదు అని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. నిజంగా బాకీ ఉన్నప్పుడు స్టాప్ పెట్టినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. ఖాతాలో సరిపడా డబ్బుంది, ఆపడానికి న్యాయమైన కారణం ఉంది అని చూపించుకోగలిగితే బయటపడొచ్చు. కాబట్టి రెండు పనులు చేయండి. బదులు డబ్బు అందేదాకా ఆ మొత్తం ఖాతాలో తగ్గకుండా చూడండి. షాపువాళ్లకి అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి. "మీకివ్వాల్సిన 000347 నంబరు చెక్కు దారిలో పోయింది, స్టాప్ పెట్టాం, ఎవరైనా తెచ్చిచ్చినా బ్యాంకులో వేయొద్దు, మీ డబ్బు వేరేగా పంపుతాం."

బదులు ఇంకో చెక్కు రాయొచ్చు, కానీ స్టాప్ పడినట్టు మెసేజ్ వచ్చాకే. మోటారు లేక అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్లు తెప్పిస్తున్న పరిస్థితిలో నెఫ్ట్ చేసేయడమే మేలు, పంపిన రిఫరెన్స్ నంబరుతో బిల్లు తీసుకోవచ్చు. చెక్కు షాపువాళ్ల చేతికి అందాక వాళ్ల దగ్గర పోయి ఉంటే మాత్రం బదులు ఇచ్చేముందు ఒక కాగితం రాయించుకోండి, పాతది దొరికితే తిరిగిస్తామని, బ్యాంకులో వేయబోమని.

అన్నట్టు, మీకు ఎవరో ఇచ్చిన చెక్కును మీరే పోగొట్టుకుంటే మీ బ్యాంకులో స్టాప్ పెట్టలేరు. ఆ ఖాతా మీది కాదు కదా. చెక్కు రాసిచ్చినవాళ్లకి వెంటనే చెప్పి, వాళ్ల చేత వాళ్ల బ్యాంకులో పెట్టించాలి.

చెక్కు దొరికితే, స్టాప్ తప్పితే

మర్నాడు ఆ చెక్కు ఫైలు అట్ట సందులోనే దొరికిందనుకోండి. స్టాప్ ఎత్తేయించి వాడదామని అనిపిస్తుంది. కుదురుతుంది గానీ, దానికి మళ్లీ లెటరు, సంఘం ఖాతా కాబట్టి ఇద్దరి సంతకాలు, ఎంట్రీ తీసేదాకా ఎదురుచూపు. ఈలోపు నెఫ్ట్‌లో డబ్బు పంపేసి ఉంటే రెండుసార్లు చెల్లించే ప్రమాదం. దొరికిన చెక్కు మీద అడ్డంగా "రద్దు" అని రాసి, అడుగున నంబరు పట్టీ నుంచి సంతకం దాకా గీత గీసి, చెక్కుబుక్కుకి పిన్ను కొట్టేయండి. స్టాప్ అలాగే ఉండనివ్వండి.

ఇక లెటరు ఇచ్చాక కూడా చెక్కు పాసైతే, స్టాంపు పడిన కాపీతో బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి వేయమని అడగండి. లెటరు అందిన సమయం, చెక్కు పాసైన సమయం రెండూ అందులో రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి `cms.rbi.org.in`లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకి 14448కి ఫోన్ చేయొచ్చు. అక్కడ జతచేయాల్సినవి స్టాంపు కాపీ, స్టాప్ మెసేజ్, ఆ రోజు స్టేట్‌మెంటు, బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు నకలు.